బారువడ్డీ లెక్కలు: ముందు నెలలను మార్చండి

సూత్రం: I = P × T × R / 100

ఇందులో I వడ్డీ, P అసలు, T కాలం, R వడ్డీ రేటు. R ఏడాదికి ఇచ్చిన రేటు కాబట్టి T కూడా సంవత్సరాల్లోనే ఉండాలి. నెలలను 12తో భాగించండి.

మాదిరి: ఒక రైతు విత్తనాల కోసం రూ. 24,000 అప్పు తీసుకున్నాడు. ఏడాదికి 7% చొప్పున 10 నెలలకు వడ్డీ ఎంత?

T = 10/12 = 5/6

I = 24000 × 5/6 × 7 / 100 = రూ. 1,400

5/6ను భిన్నంగానే ఉంచండి. 0.83 అని రాస్తే రూ. 1,394.40 వస్తుంది, జవాబు తప్పుతుంది.

ఇప్పుడు మీరు చేయండి.

1. అసలు రూ. 6,000, రేటు 8%, కాలం 9 నెలలు. వడ్డీ ఎంత?

2. రూ. 15,000కు 12% చొప్పున 1 సంవత్సరం 4 నెలలకు వడ్డీ ఎంత? మొత్తం ఎంత కట్టాలి? (4 నెలలను 0.4 అనుకోవద్దు.)

3. రూ. 20,000కు 9% చొప్పున రూ. 1,050 వడ్డీ అయింది. ఎన్ని నెలలు?

4. ఊళ్లో నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి రూ. 10,000 తెచ్చారు. ఏడాది రేటు ఎంత? 8 నెలలకు వడ్డీ ఎంత?

జవాబులు: 1) రూ. 360 2) రూ. 2,400, రూ. 17,400 3) 7 నెలలు 4) 24%, రూ. 1,600