శుక్ర, శనివారాల పికప్ ప్లాను: వలంటీర్లకు, డ్రైవర్లకు

అందరికీ నమస్కారం. 21, 22 తేదీల్లో మన తెలుగు ఉపాధ్యాయుల సమావేశానికి వచ్చేవాళ్లను స్టేషన్లనుంచి, బస్టాండునుంచి, ఎయిర్‌పోర్టునుంచి ఎట్లా తీసుకురావాలో ఇందులో రాశాను. గురువారం రాత్రి 9 గంటల వరకు ఫోన్లు చేసి ఖాయం చేసుకున్న లెక్క ఇది. ఆ తర్వాత ఏది మారినా షీటులోనే మారుస్తాను, మీరు కూడా షీటునే చూడండి. గ్రూపులో వచ్చే మెసేజీని చూసి ఎవరూ బండి తీయొద్దు.

నమోదు చేసుకున్నవాళ్లు 136 మంది. 49 మంది సొంతంగా వస్తామన్నారు. మిగిలిన 87 మందికి మనమే దారి చూడాలి. శుక్రవారం మధ్యాహ్నం, సాయంత్రం 14 మంది, ఆ రాత్రి 4 మంది వస్తారు. శనివారం తెల్లవారుజామున తిరుపతి స్టేషన్‌లో 27, రేణిగుంటలో 12, బస్టాండు వైపు 14 మంది దిగుతారు. చిత్తూరు దారిలో 11, శ్రీకాళహస్తి వైపు 5 మంది ఉన్నారు. అంటే ముప్పాతిక భారం శనివారం పొద్దున నాలుగున్నరకు, ఎనిమిదిన్నరకు మధ్యే పడుతోంది. మన తిప్పలన్నీ ఆ నాలుగు గంటల్లోనే.

ఫారంలో రాసిందల్లా నిజమనుకోకండి. ఫోన్ చేస్తే 87 మందిలో 19 మంది వివరాలు మారాయి. వాటిలో నాలుగు రకాల తప్పులు మళ్లీ మళ్లీ కనిపించాయి. మీలో ఇంకా ఫోన్లు చేస్తున్నవాళ్లు వీటినే అడగండి.

మొదటిది, "తిరుపతి" అని రాసి టికెట్టు రేణిగుంటకు తీసుకున్నవాళ్లు. కడప, గుంతకల్లు వైపునుంచి మద్రాసు వెళ్లే బండ్లు చాలావరకు తిరుపతికి రావు, రేణిగుంట మీదుగానే పోతాయి. దూరంనుంచి వచ్చేవాళ్లకు రెండూ ఒకటే ఊరు, మనకు మాత్రం పది కిలోమీటర్ల తేడా. దీన్ని అడగడానికి ఒకటే పద్ధతి: "మీ టికెట్టు మీద TPTY అని ఉందా, RU అని ఉందా సార్?" అట్లా అడిగితే ఏడుగురు తిరుపతి లెక్కలోంచి రేణిగుంటకు మారారు.

రెండోది, బండి ఎక్కే సమయం రాసినవాళ్లు. "రాత్రి 8.05" అని చూసి సాయంత్రం బండి పెట్టుకుంటే, ఆయన ఆ సమయానికి హైదరాబాదులో ఎక్కుతూ ఉంటాడు.

మూడోది, పొద్దునా సాయంత్రమా రాయకుండా ఉత్త "5.30" అని వదిలేసినవాళ్లు. ఇది చిన్నదే, ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

నాలుగోదే ప్రమాదం. "20వ తేదీ రాత్రి 12.15" అని ఒక బృందం రాసింది. మనవాడుకలో అది శుక్రవారం రాత్రే, రైల్వే లెక్కలో 21వ తేదీ. ఫారం చేసిన పని ఏమిటంటే, దాన్ని 20వ తేదీ 00.15 కింద మార్చుకుని గురువారం రాత్రికి తోసేసింది. పోయిన ఏడాది ఇంకో ఊళ్లో జరిగిన సభలో సరిగ్గా ఇట్లాగే అయింది. నేనూ ఇంకో మాస్టారూ రాత్రి ఒంటిగంట దాకా ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. మా కోసం వచ్చిన బండి ముందురోజు రాత్రే వచ్చి, ఎవరూ లేరని వెళ్లిపోయిందట. అందుకే అర్ధరాత్రి దాటిన ప్రతి రాకకూ పక్కన వారం పేరు కూడా రాయించాను. "శుక్రవారం నిద్రపోకముందా, శనివారం లేచాకా?" అని అడిగితే ఎవరైనా సరిగ్గానే చెబుతారు.

షీటులో C గడిలో దిగే చోటు, E గడిలో తేదీ, సమయం ఉన్నాయి. ఏ గంటలో ఎంతమందో చూడాలంటే ఇది వాడండి:

```
=COUNTIFS(C:C,"RU",
 E:E,">="&DATE(2026,2,21)+TIME(5,0,0),
 E:E,"<"&DATE(2026,2,21)+TIME(6,0,0))
```

ఎవరైనా E గడిలో "పొద్దున 5" అని మాటల్లో రాస్తే అది లెక్కలోకి రాదు, తప్పుందని కూడా చూపించదు. అంకె తక్కువగా కనిపిస్తే ముందు అదే చూడండి.

శుక్రవారం, 20

మధ్యాహ్నం వందే భారత్‌లో 9 మంది వస్తున్నారు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరువాళ్లు కూడా ఇందులోనే. 12 సీట్ల టెంపో రెండు గంటలకే విష్ణునివాసం వైపు ఉండాలి. వీళ్లలో ఒక విశ్రాంత మాస్టారు మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేరు. ఆయన కోచ్ నంబరు షీటులో ఉంది. ఒక వలంటీరు ప్లాట్‌ఫాం టికెట్టు తీసుకుని కోచ్ దగ్గరికే వెళ్లాలి, బయట నిలబడి ఫోన్ చేస్తే సరిపోదు. వీల్‌చైర్ కోసం స్టేషన్‌లో ముందే అడిగి పెట్టండి.

సాయంత్రం హైదరాబాదు విమానంలో 5 మంది. మొదటి ఇన్నోవా వెళుతుంది. ఎయిర్‌పోర్టు రేణిగుంట దగ్గరే కాబట్టి, విమానం దిగిందని తెలిశాక ఇక్కడినుంచి బయలుదేరితే ఆలస్యమవుతుంది. దిగే సమయానికి బండి అక్కడ ఉండాలి, సామాను తీసుకుని వాళ్లు బయటికి రావడానికి ఇంకో అరగంట వేసుకోండి.

రాత్రి 12.15కు, అంటే శనివారం మొదలైన పావుగంటకు, రేణిగుంటలో 4 మంది. అదే ఇన్నోవా. ఆ డ్రైవరన్నకు శనివారం పొద్దున 8 దాకా ఏ ట్రిప్పూ వేయలేదు, వేయొద్దు కూడా. "ఒక్క ట్రిప్పే కదన్నా" అని ఎవరూ లేపకండి. నిద్ర లేని డ్రైవరు చేతికి పాతికమందిని అప్పగించే పని నాతో కాదు.

శనివారం, 21

తిరుపతి స్టేషన్: 27 మంది. నారాయణాద్రి, వెంకటాద్రి, ఇంకా రెండు బండ్లు. కాలేజీ బస్సు పెడదామని కొందరన్నారు. ఒక్కసారిగా 27 మంది దిగితే అది బాగుండేది, కానీ వీళ్లు గంటన్నర పొడవునా వస్తారు. మొదట దిగినవాళ్లు చివరివాళ్ల కోసం బస్సులో కూర్చుని కునుకుతారు. పైగా స్టేషన్ ముందు అంత పెద్ద బస్సును నిలబెట్టనివ్వరు. కాబట్టి 17 సీట్ల టెంపో మూడు సార్లు తిరుగుతుంది: 5.15, 6.00, 6.45. బాలాజీ కాలనీ లాడ్జీల దగ్గర దింపి, యూనివర్సిటీ గెస్ట్ హౌస్ చూసుకుని మళ్లీ స్టేషన్‌కు వస్తుంది. 17 సీట్లంటే సూట్‌కేసులతో 13 మందే పడతారు, అందుకే 12, 10, 5గా వేశాను. బండి నిండకపోయినా చెప్పిన సమయానికి కదలాలి. దిగినవాళ్లెవరూ 45 నిమిషాలకు మించి ఎదురుచూడకూడదన్నదే లెక్క. ఆఖరి ట్రిప్పు కూడా తప్పినవాళ్లను వలంటీరు ఆటో ఎక్కించి, డబ్బులు తానే ఇచ్చి, రాసి పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట. హైదరాబాదు బండి రేణిగుంటలో ఆగగానే, బయట జనం దిగుతుంటే చూసి మనవాళ్లూ నిద్రకళ్లతో దిగేస్తారు. తెల్లవారుజామున 4.30కు ఈ 27 మందికీ మెసేజీ పోవాలి. నేను రాసి పెట్టింది ఇదీ:

"నమస్కారం. మీ రైలు తిరుపతి దాకా వస్తుంది, రేణిగుంటలో దిగకండి. తిరుపతిలో విష్ణునివాసం వైపు ద్వారంలోంచి బయటికి రండి. 'తెలుగు ఉపాధ్యాయులు' అని పచ్చరంగు అట్ట పట్టుకుని మా అబ్బాయి ఉంటాడు. ఆటోవాళ్లు మేమే పంపామని చెప్పినా ఎక్కకండి. బండి ఆలస్యమైతే కంగారు పడకండి, మేము చూస్తూనే ఉంటాం."

రేణిగుంట: 12 మంది. టెంపో 12 సీట్లదే అయినా సామాన్లతో 9 మందే. మొదటి రెండు రైళ్లవాళ్లు సరిగ్గా తొమ్మిది మంది, 5.50కి కదలండి. చివరి రైలు 6.30ది, అందులో ముగ్గురు. వాళ్లను కరకంబాడి రోడ్డులో ఉండే మన వలంటీరు తన కారులో తెస్తానన్నాడు. పెట్రోలు మనదే. రైళ్లు ఎక్కడున్నాయో ఫోన్‌లో 4.30నుంచి చూస్తూ ఉండండి, అనుమానం వస్తే 139కి చేయండి. ఒక రైలు 40 నిమిషాలు దాటి ఆలస్యమైతే దాని కోసం మిగతావాళ్లను ఆపొద్దు. వచ్చినవాళ్లతో బండి కదిలిపోవాలి, నాకు ఫోన్ చేస్తే నేను ఇంకో బండి చూస్తాను. ఎంత ఆలస్యమైనా ఆఖరి మనిషి వచ్చేదాకా వలంటీరు మాత్రం రేణిగుంట వదలకూడదు.

బస్టాండు: 14 మంది. రెండో ఇన్నోవా, 5.00, 5.45, 6.30, ఐదుగురు, ఐదుగురు, నలుగురు. వీళ్లలో ఆరుగురు ప్రైవేటు ట్రావెల్స్‌లో వస్తున్నారు. ఆ బస్సులు ఆర్టీసీ బస్టాండు లోపలికి రావు, లీలామహల్ దగ్గర దింపుతామని చెప్పారట. డ్రైవరన్న ముందు లీలామహల్ చూసుకుని తర్వాత బస్టాండుకు రావాలి. మిగతావాళ్లు శ్రీనివాసం ఎదురుగా నిలబడతారు. ముగ్గురు శుక్రవారమే కొండ మీద ఉంటామని, అక్కడినుంచే పికప్ కావాలని రాశారు. కొండకు మన బండి పంపడం లేదు. అలిపిరిలో తనిఖీ, పైగా దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో 40 నిమిషాల లోపు రాకూడదన్న నిబంధన, అన్నీ కలిపితే ఒక ఇన్నోవా పొద్దంతా అక్కడే పోతుంది. ఆర్టీసీ బస్సులు వరసగా దిగుతుంటాయి, 6.30 ట్రిప్పుకు అందుకోమని చెప్పాను, ఒప్పుకున్నారు.

చిత్తూరు దారి: 11 మంది. ఇక్కడినుంచి బండి పంపితే 70 కిలోమీటర్లు ఖాళీగా పోవాలి, ఆ డబ్బు మనమే కట్టాలి, డ్రైవరు నాలుగింటికే లేవాలి. అందుకని చిత్తూరులోనే టెంపో మాట్లాడాను. ఆర్టీసీ బస్టాండు దగ్గర 6.15కి ఆరుగురు, కాణిపాకం క్రాసులో ఒకరు, పూతలపట్టులో ఇద్దరు, చంద్రగిరిలో ఇద్దరు. ఎవరి స్టాపుకు వాళ్లు పది నిమిషాల ముందు రావాలి. బండి ప్రతి స్టాపు దాటగానే తర్వాతి స్టాపువాళ్లకు డ్రైవరు కాదు, బండిలో ముందు కూర్చున్న మాస్టారు ఫోన్ చేస్తారు. ఎనిమిదిన్నరకు క్యాంపస్‌లో ఉంటారు, టిఫిన్‌కు సరిపోతుంది.

శ్రీకాళహస్తి 5 మంది: ఆర్టీసీలో బస్టాండుకు వచ్చేస్తారు. 8.00కు మొదటి ఇన్నోవా వాళ్లను తెస్తుంది.

ప్రారంభ సభ 9.30కు. కాలేజీ బస్సును 8.45నుంచి లాడ్జీలకు, ఆడిటోరియానికి మధ్య తిప్పుతాం, దాని పని అంతే.

డ్రైవర్లకు బత్తా రోజు చివర చేతికే ఇస్తాను. పార్కింగ్ చీటీలు పారేయకండి. ప్రతి ట్రిప్పుకు బయలుదేరిన సమయం, ఎక్కినవాళ్ల సంఖ్య ట్రిప్ షీటులో రాయాలి. పేర్లు పిలిచి టిక్కు పెట్టుకోవడం వలంటీరు పని. దర్శనం టికెట్లున్నవాళ్లు కొందరు "దారిలో అలిపిరి దగ్గర దింపండి" అంటారు. చిరునవ్వుతో కాదనండి.

తిరుగు ప్రయాణం వివరాలు శనివారం పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే రాయించుకోవాలి. ఆ ప్లాను శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇస్తాను. శుక్రవారం పొద్దున 10 గంటలకు ఇద్దరు టెంపో డ్రైవర్లు, స్టేషన్ వలంటీర్లు ఒకసారి గెస్ట్ హౌస్ దగ్గరికి రండి, పచ్చ అట్టలు, షీటు కాపీలు తీసుకుని స్టేషన్ దగ్గర బండి ఎక్కడ ఆపాలో కలిసి చూసుకుని వద్దాం.