కనిపించని రంగుతో గీసే బొమ్మ

7వ తరగతి – తెలుగు – చదివి అర్థం చేసుకోవడం
సమయం: 45 నిమిషాలు. మార్కులు: 25

కింది గద్యాన్ని ముందు ఒకసారి ఆపకుండా చదవండి. రెండోసారి నెమ్మదిగా చదివి, ప్రశ్నలకు జవాబులు రాయండి.

బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, నీళ్లు. ఈ మూడింటినీ ఒక కుండలో వేసి, మూత బిగించి, రెండు మూడు వారాలు కదపకుండా వదిలేస్తే ఏమవుతుంది? మామూలు ఇంట్లో అయితే చీవాట్లు పడతాయి. శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ కళాకారుల ఇళ్లలో మాత్రం నల్లరంగు తయారవుతుంది. దాన్ని కసిమి అంటారు. తమాషా ఏమిటంటే, కుండలో ఉన్నప్పుడు కసిమి నల్లగా ఉండదు. పలుచని గోధుమరంగు నీళ్లలా ఉంటుంది. నలుపు ఎప్పుడు వస్తుందో తెలియాలంటే గుడ్డ సంగతి ముందు తెలియాలి.

కలంకారీకి నూలుగుడ్డే కావాలి. మగ్గం మీద నుంచి వచ్చిన గుడ్డకు గంజి, జిడ్డు అంటి ఉంటాయి. పేడ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేస్తే అవి పోయి గుడ్డ తెల్లబడుతుంది. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి ఆరబెడతారు. కరక్కాయలో వగరు ఉంటుంది కదా, ఆ వగరునిచ్చే పదార్థమే రంగును గుడ్డకు పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు, గీసిన గీత పక్కలకు పాకకుండా అడ్డుకుంటుంది. పాలు పలుచగా ఉంటే గీత చెదిరిపోతుంది. అందుకే ఆవుపాలకన్నా చిక్కగా ఉండే గేదెపాలు వాడతారు.

ఇక బొమ్మ గీయడం. చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో ముందు రూపురేఖలు వేసుకుంటారు. బొగ్గు గీత నచ్చకపోతే దులిపేయవచ్చు. తరువాతి పనికి ఆ వెసులుబాటు లేదు. అప్పుడు చేతిలోకి కలం వస్తుంది. వెదురుపుల్ల కొనను సన్నగా చెక్కి, కొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తారు. కలాన్ని కసిమిలో ముంచితే ఉన్ని దాన్ని పీల్చుకుంటుంది. వేళ్లతో ఉన్నిని మెల్లగా నొక్కుతూ గీస్తే రంగు కొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో చెప్పే పుస్తకం లేదు, చేతికే తెలియాలి. గోధుమరంగు కసిమి కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయ వగరు కలవడం వల్ల జరిగే మార్పు అది. చేయి తడబడితే ఆ నలుపును చెరిపే మార్గం లేదు.

ఎరుపు సంగతి ఇంకా వింతగా ఉంటుంది. బొమ్మలో ఎర్రగా కావలసిన చోటల్లా కళాకారులు పూసేది ఎర్రరంగు కాదు, పటిక కలిపిన నీళ్లు! పటిక నీళ్లకు రంగే లేదు. ఎక్కడ పూశామో తెలియడానికి, ఉతికితే పోయే రంగు ఏదైనా అందులో కాస్త కలుపుకుంటారు. గుడ్డ ఆరాక పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వంటి వేర్లు, చెక్కలు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగిలిన చోట అంటిన లేతరంగు ఉతికి ఎండబెట్టే కొద్దీ వెలిసిపోతుంది. అంటే, రాముడి పట్టుబట్ట ఎర్రగా ఉండబోతోందని గీసేటప్పుడు కళాకారుడి మనసుకే తెలుసు, కంటికి తెలియదు.

పసుపు, నీలం చివరలో వస్తాయి. పసుపుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటివి వాడతారు. నీలానికి నీలిమందు ఉంది. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది.

మధ్యమధ్యలో ఎన్నోసార్లు ఉతకాలి. బకెట్టులో ఉతికితే వదిలిన రంగు అక్కడే నిలిచి మళ్లీ గుడ్డకే అంటుతుంది. నీరు పారుతూ ఉండాలి. శ్రీకాళహస్తి పక్కనే స్వర్ణముఖి నది ఉంది. కానీ ఆ నదిలో ఏడాది పొడవునా నీరుండదు. కళాకారుల కష్టాల్లో ఇదొకటి.

ఆలయాల గోడలకు, రథాలకు అలంకారంగా వేలాడదీసే గుడ్డల మీద రామాయణ, భారత కథలను వరుస బొమ్మలుగా గీయడం ఇక్కడి సంప్రదాయం. చాలా బొమ్మల కింద కథను తెలుగులో రాస్తారు కూడా. శ్రీకాళహస్తికి చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ కళకు చేసిన సేవకు 2008లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణా జిల్లా పెడనలోనూ కలంకారీ ఉంది. అక్కడ కలంతో కాక, చెక్కిన చెక్క అచ్చులతో గుడ్డమీద అద్దుతారు. రెండు చోట్లా రంగుల విద్య దాదాపు ఒకటే, చేతి పని వేరు.

అ) గద్యంలో వెతికి రాయండి. (5 × 1 = 5)

1. కసిమి తయారీకి వాడే మూడు పదార్థాలు ఏవి?
2. గుడ్డను కరక్కాయ పొడితో పాటు దేనిలో ముంచుతారు?
3. మొదటి రూపురేఖలు వేయడానికి బొగ్గును దేనితో చేస్తారు?
4. ఆకుపచ్చ రంగు ఎలా వస్తుంది?
5. పెడనలో బొమ్మలను దేనితో అద్దుతారు?

ఆ) ఆలోచించి రాయండి. జవాబు గద్యంలో నేరుగా ఉండకపోవచ్చు. (4 × 2 = 8)

6. ఒకరు గుడ్డను కరక్కాయలో ముంచడం మరిచిపోయి కసిమితో గీశారు. గీత ఎలా కనిపిస్తుంది? ఎందుకు?
7. బొగ్గుతో గీసేటప్పటికన్నా కలంతో గీసేటప్పుడు కళాకారుడు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కారణం చెప్పండి.
8. "కళాకారుడి మనసుకే తెలుసు, కంటికి తెలియదు" అని రచయిత ఎందుకు అన్నారు?
9. స్వర్ణముఖి ఎండిపోయిన నెలల్లో ఏ పని ఆగిపోతుంది? అది ఆగితే తరువాతి పనులు ఏమవుతాయి?

ఇ) భాష (2 × 2 = 4)

10. "చీవాట్లు పడు", "తడబడు" – వీటిని ఉపయోగించి సొంత వాక్యాలు రాయండి. గద్యంలోని వాక్యాలను తిరిగి రాయవద్దు.
11. కింది రెండు వాక్యాలను క్త్వార్థకంతో కలిపి ఒకే వాక్యంగా రాయండి.
కళాకారులు గుడ్డను ఉతికారు. కళాకారులు గుడ్డను ఎండబెట్టారు.

ఈ) మీ మాటల్లో (2 × 4 = 8)
ఈ రెండింటికీ ఒకే సరైన జవాబు అంటూ లేదు. మీరు చెప్పిన దానికి కారణం ఉందా అన్నదే చూస్తాం. ఒక్కొక్కటి 6 నుంచి 8 వాక్యాల్లో రాయండి.

12. కలంకారీ బొమ్మలను యంత్రంతో ముద్రించిన గుడ్డలు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటిని కూడా "కలంకారీ" అనే పేరుతో అమ్మవచ్చా? కొనేవారి వైపు నుంచీ, గీసేవారి వైపు నుంచీ ఆలోచించి మీ అభిప్రాయం రాయండి.
13. మీ ఇంట్లోగానీ, మీ ఊళ్లోగానీ చేత్తో ఏదైనా తయారుచేసేవారిని ఒకరిని గుర్తుచేసుకోండి. బుట్ట అల్లేవారు, కుండ చేసేవారు, పూలజడ కుట్టే అమ్మమ్మ, ఎవరైనా సరే. ఆ పనిలో మీకు అర్థం కాని అడుగు ఏది? వారిని ఒక్క ప్రశ్న అడిగే అవకాశం వస్తే ఏమి అడుగుతారు, ఎందుకు?