పాత తెలుగు పుస్తకాల డిజిటలీకరణ కార్యశాల: తెలుగు, కంప్యూటర్ సైన్స్ శాఖల మధ్య అవగాహన ఒప్పందం

రాజమహేంద్రవరం, 2026 సెప్టెంబరు 21

మన డిగ్రీ కళాశాలలోని తెలుగు శాఖ, కంప్యూటర్ సైన్స్ శాఖ కలిసి నిర్వహించే అయిదు రోజుల కార్యశాల గురించి ఇరు శాఖల అధ్యక్షులు, అధ్యాపకులు చర్చించి, ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఈ అవగాహనకు వచ్చారు. ఒకే ప్రాంగణంలో ఉన్నవాళ్లకు నోటిమాట చాలదా అని సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. పని పంపకం, డబ్బు లెక్క, ప్రయోగశాల వాడకం ముందే కాగితం మీద ఉంటే కార్యశాల రోజుల్లో అందరి ధ్యాసా విద్యార్థుల మీదే ఉంటుందని ఇరు శాఖలూ భావించి దీన్ని రాసుకుంటున్నాయి.

1. ఉద్దేశం

కళాశాల గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకాల కాగితం పెళుసెక్కి, పుట తిప్పితే అంచులు రాలుతున్నాయి. వీటిలో కాపీరైటు తీరిన వాటిని స్కాన్ చేసి, యూనికోడ్ పాఠంగా మార్చి, అక్షరదోషాలు దిద్ది, తెలుగు వికీసోర్సులో అందరికీ అందుబాటులో ఉంచడం ఈ కార్యశాల ఉద్దేశం. స్కాన్ బొమ్మలు పుస్తకాన్ని కాపాడతాయి గాని వాటిలో ఒక మాటను వెతకలేం. పాఠంగా మారితేనే అది పరిశోధకుడికీ, చూపు లేని పాఠకుడికీ ఉపయోగపడుతుంది. అందుకే ఈ పనిలో స్కానింగు కంటే దిద్దుబాటుకే ఎక్కువ సమయం కేటాయించాం.

2. కాలవ్యవధి

కార్యశాల 2026 నవంబరు 16, సోమవారం నుంచి 20, శుక్రవారం వరకు జరుగుతుంది. వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 4.30 వరకు. మొదటి రోజు కార్తిక సోమవారం కాబట్టి గోదావరి రేవుల దగ్గర రద్దీ ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే విద్యార్థుల కోసం ఆ ఒక్కరోజు 11 గంటలకు మొదలుపెడతాం.

మిగిలిపోయిన పుటల దిద్దుబాటు 2027 ఫిబ్రవరి 28 నాటికి పూర్తి కావాలి. ఈ ఒప్పందం సంతకాల రోజు నుంచి 2027 మార్చి 31 వరకు అమల్లో ఉంటుంది. పొడిగించాలంటే ఇరు శాఖలూ రాతపూర్వకంగా అంగీకరించాలి.

3. విద్యార్థులు

ఒక్కో శాఖ నుంచి 20 మంది చొప్పున 40 మందిని తీసుకుంటాం. రుసుము లేదు. ప్రతి జంటలో తెలుగు శాఖ నుంచి ఒకరు, కంప్యూటర్ సైన్స్ నుంచి ఒకరు ఉండాలి. స్నేహితులని ఒకే శాఖవారిని జంట చేయకూడదు. ఈ నియమానికి మినహాయింపు లేదు, ఎందుకంటే ఒకరికి తెలిసింది రెండోవారికి నేర్పడమే ఈ కార్యశాల ప్రాణం. ఒక్కో జంటకు 30 పుటలు ఇస్తాం, మొత్తం 600 పుటలు. ఒక జంట దిద్దిన పుటను మరో జంట సరిచూస్తుంది. అయిదు రోజులూ హాజరై, తమ వాటా పుటలు పూర్తి చేసినవారికే ధ్రువపత్రం.

4. తెలుగు శాఖ బాధ్యతలు

పుస్తకాల ఎంపిక, కాపీరైటు పరిశీలన పూర్తిగా తెలుగు శాఖవే. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. కాబట్టి 1965లో గాని, అంతకు ముందు గాని మరణించిన రచయితల పుస్తకాలనే తీసుకోవాలి. అనువాదమైతే అనువాదకుడి మరణ సంవత్సరం కూడా చూడాలి. తర్వాతి ముద్రణలో మరొకరు రాసిన పీఠిక, వ్యాఖ్య ఉంటే వాటికి కాపీరైటు తీరిందో లేదో విడిగా తేల్చుకోవాలి. తేలకపోతే ఆ పుటలను వదిలేయాలి. సంవత్సరం రూఢి కాని పుస్తకం ఎంత మంచిదైనా జాబితాలో చేర్చకూడదు. తుది జాబితా అక్టోబరు 26 నాటికి కంప్యూటర్ సైన్స్ శాఖకు అందాలి.

దిద్దుబాటు నియమాలూ తెలుగు శాఖే రూపొందిస్తుంది. మూలంలో ఉన్న వర్ణక్రమాన్ని ఉన్నట్టే ఉంచాలి. అరసున్న ఉంటే అరసున్న (U+0C01), బండి ఱ ఉంటే బండి ఱ (U+0C31) టైపు చేయాలి. నేటి అలవాటు కొద్దీ ‘వాఁడు’ను ‘వాడు’గా మార్చకూడదు. యంత్రం పాత అచ్చులోని అరసున్నను మచ్చగా భావించి వదిలేసే అవకాశం ఉంది కాబట్టి ప్రతి పంక్తినీ మూలంతో పోల్చాలి. పాఠం విషయంలో సందేహం వస్తే తెలుగు శాఖ మాటే తుది మాట.

బయటి నిపుణులు ఇద్దరిని ఆహ్వానించడం, వారి బస ఏర్పాట్లు కూడా ఈ శాఖే చూసుకుంటుంది.

5. కంప్యూటర్ సైన్స్ శాఖ బాధ్యతలు

మొదటి ప్రయోగశాలలోని 24 కంప్యూటర్లను అయిదు రోజులూ కార్యశాలకు కేటాయిస్తుంది. జంటకొకటి చొప్పున 20, అధ్యాపకులకు నాలుగు. ఆ వారం ప్రాక్టికల్ తరగతులను రెండో ప్రయోగశాలకు మార్చుకుంటుంది. కరెంటు పోయినా పని ఆగకుండా యూపీఎస్ బ్యాటరీలను ముందువారమే పరీక్షిస్తుంది.

అన్ని యంత్రాల్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే టెసరాక్ట్, దాని తెలుగు భాషా ఫైలు నవంబరు 13 నాటికి సిద్ధంగా ఉండాలి. ఆ రోజు ప్రతి యంత్రంలో ఈ ఆదేశం నడిపి చూడాలి:

```
tesseract puta.png puta -l tel
```

పాత కళాశాల సంచికలు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడంపై నాలుగో రోజు మధ్యాహ్నం ఈ శాఖ అధ్యాపకులే పాఠం చెబుతారు. ఫైళ్లను రోజూ సాయంత్రం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి.

6. పుస్తకాల భద్రత

గ్రంథాలయాధికారి రిజిస్టరులో నమోదు చేయకుండా ఏ పుస్తకమూ బయటికి రాదు. పెళుసు పుస్తకాలను ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద నొక్కకూడదు. స్టాండుకు బిగించిన కెమెరాతో ఫొటో తీయాలి. స్కాన్ చేయడం కోసం కుట్టు విప్పడానికి ఎవరికీ, ఏ కారణంతోనూ అనుమతి లేదు.

7. ఖర్చులు

మొత్తం అంచనా రూ. 52,500.

నిపుణుల గౌరవ వేతనం (ఇద్దరికి, రెండేసి రోజులు, రోజుకు రూ. 2,500): రూ. 10,000
వారి ప్రయాణం, బస: రూ. 8,000
భోజనాలు (50 మందికి 5 రోజులు, రూ. 90 చొప్పున): రూ. 22,500
టీ, ఫలహారం (50 మందికి 5 రోజులు, రూ. 20 చొప్పున): రూ. 5,000
స్టేషనరీ, ధ్రువపత్రాలు: రూ. 4,000
బ్యానరు: రూ. 1,000
ఇతర ఖర్చులు: రూ. 2,000

మొదటి రెండు పద్దులు తెలుగు శాఖ, భోజనాలు, ఫలహారాలు కంప్యూటర్ సైన్స్ శాఖ భరిస్తాయి. మిగిలిన రూ. 7,000 చెరిసగం. ఆ ప్రకారం తెలుగు శాఖ వాటా రూ. 21,500, కంప్యూటర్ సైన్స్ శాఖ వాటా రూ. 31,000. తెలుగు శాఖకు ప్రయోగశాల రుసుము వంటి ఆదాయం లేదు కాబట్టి ఈ తేడా న్యాయమేనని ఇరు శాఖలూ ఒప్పుకున్నాయి. తక్కువ వాటా పెట్టినంత మాత్రాన తెలుగు శాఖ పేరు ఎక్కడా రెండో స్థానానికి వెళ్లదు.

అంచనా దాటే ఏ ఖర్చుకైనా ఇద్దరు శాఖాధ్యక్షుల సంతకాలూ ముందుగా ఉండాలి. శాలువాలకు, జ్ఞాపికలకు ఈ నిధి వాడకూడదు. బిల్లులన్నీ డిసెంబరు 5లోపు కళాశాల కార్యాలయానికి చేరాలి. మిగులు ఏ పద్దులో తేలితే ఆ పద్దు భరించిన శాఖకే తిరిగి వెళ్తుంది.

8. ఫలితాలపై హక్కు

కాపీరైటు తీరిన పుస్తకాల పాఠంపై ఏ శాఖా హక్కు కోరదు. స్కాన్ల మీద కళాశాల ముద్ర వేయకూడదు. బోధన సామగ్రిని క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 లైసెన్సుతో విడుదల చేస్తాం. కార్యశాలలో పాల్గొన్న 40 మంది విద్యార్థుల పేర్లూ నివేదికలో ఉండాలి.

9. మార్పులు, భేదాభిప్రాయాలు

తుపాను హెచ్చరిక వల్ల సెలవు ప్రకటిస్తే కార్యశాలను నవంబరు 23 నుంచి 27 వరకు జరుపుతాం. ఏదైనా శాఖ తప్పుకోవాలంటే అక్టోబరు 31లోపు రాతపూర్వకంగా చెప్పాలి, అప్పటికే పెట్టిన ఖర్చులో తన వాటా చెల్లించాలి. శాఖాధ్యక్షుల మధ్య తేలని విషయాన్ని ఐక్యూఏసీ సమన్వయకర్త ముందు, అక్కడా తేలకపోతే ప్రిన్సిపాల్ ముందు పెడతాం. ప్రిన్సిపాల్ నిర్ణయమే అంతిమం.

ఈ పత్రం మూడు ప్రతులుగా తయారైంది. శాఖకొకటి, కార్యాలయ దస్త్రంలో ఒకటి ఉంటాయి.

సంతకాలు:
శాఖాధ్యక్షులు, తెలుగు శాఖ
శాఖాధ్యక్షులు, కంప్యూటర్ సైన్స్ శాఖ
సాక్షులు: గ్రంథాలయాధికారి, ఐక్యూఏసీ సమన్వయకర్త
ఆమోదం: ప్రిన్సిపాల్