ఆహార నాణ్యతా నియంత్రణ: ఆమోద శాంప్లింగ్, ఏక్యూఎల్ విభాగపు ప్రశ్నలు, మూల్యాంకన సూచనలు

విభాగం-సి. మార్కులు 30. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాయాలి. కాలిక్యులేటర్ వాడవచ్చు. e^-2 = 0.1353, e^-4 = 0.01832, e^-8 = 0.000335 అని తీసుకోవాలి.

సందర్భం: చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు కర్మాగారం, తోతాపురి గుజ్జు నింపిన 1,000 డబ్బాలను ఒకే లాట్‌గా కొనుగోలుదారుకు చూపింది. ఐఎస్ఓ 2859-1 ప్రకారం సాధారణ తనిఖీ స్థాయి II, ఒకే శాంపిల్ ప్రణాళిక, పెద్ద లోపాలకు 2.5 శాతం ఏక్యూఎల్ అని ఒప్పందంలో ఉంది. ఈ లాట్ పరిమాణానికి కోడ్ అక్షరం J, శాంపిల్ 80 డబ్బాలు, ఆమోద సంఖ్య 5, తిరస్కరణ సంఖ్య 6. లోతైన సొట్ట, లేబుల్‌పై తేదీ లేకపోవడం పెద్ద లోపాలు. డబ్బా ఉబ్బినా, అతుకు కారినా అది ప్రమాదకర లోపం. దానికి ఏక్యూఎల్ లేదు, ఒక్కటి కనిపించినా లాట్‌ను తిరస్కరిస్తారు.

1. తనిఖీదారు గోడౌన్ తలుపు దగ్గరున్న రెండు వరుసల నుంచే 80 డబ్బాలనూ తీశాడు. వాటిలో 4 సొట్ట డబ్బాలు, 1 తేదీ లేనిది కనిపించాయి, ఉబ్బినవి లేవు. లాట్‌పై నిర్ణయం ఏమిటి? ఆ నిర్ణయం ఎంతవరకు చెల్లుతుంది? (6)

2. లాట్‌లో నిజమైన లోపశాతం 2.5, 5, 10 అయినప్పుడు ఈ ప్రణాళికలో ఆమోద సంభావ్యతను పాయిజాన్ పద్ధతిలో కట్టి, ‘ఏక్యూఎల్ 2.5 అంటే నూటికి రెండున్నర చెడ్డ డబ్బాలు పంపుకోవచ్చని అనుమతి’ అన్న కర్మాగార మేనేజర్ మాటను పరిశీలించండి. (10)

3. అదే సరఫరాదారు పంపిన వరుస లాట్ల శాంపిళ్లలో పెద్ద లోపాలున్న డబ్బాలు ఇలా వచ్చాయి: 3, 6, 4, 5, 7, 4, 2, 3, 1, 2, 0. కఠిన తనిఖీలో ఆమోద సంఖ్య 3. మొదటి లాట్‌కు సాధారణ తనిఖీ జరిగిందనుకుని, ఏ లాట్ నుంచి తనిఖీ మారుతుందో, ఏ లాట్‌కు తిరిగి సాధారణానికి వస్తుందో కారణాలతో చెప్పండి. (6)

4. సాల్మొనెల్లా కోసం ఒక పాలపొడి లాట్ నుంచి 25 గ్రాముల శాంపిళ్లు 5 తీశారు; ప్రణాళిక n=5, c=0. అలాంటి 25 గ్రాముల భాగాల్లో 2 శాతం కలుషితమై ఉంటే లాట్ ఆమోదం పొందే సంభావ్యత ఎంత? దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఎన్ని శాంపిళ్లు కావాలి? (8)

మూల్యాంకనం చేసేవారికి

మొదటి ప్రశ్నలో లోపాలున్న డబ్బాలు 5. ఆమోద సంఖ్యను దాటలేదు కాబట్టి లెక్క ప్రకారం లాట్ ఆమోదమే. కానీ లాట్‌లోని ప్రతి డబ్బాకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా లేనప్పుడు పట్టికలోని సంఖ్యలకు ఆధారం పోతుంది. కాబట్టి యాదృచ్ఛిక సంఖ్యలతో మళ్లీ శాంపిల్ తీయాలన్న విద్యార్థికే పూర్తి మార్కులు. ‘ఆమోదం’ అని ఒక్క మాటతో సరిపెట్టినవారికి రెండు మార్కులు మించరాదు.

రెండో ప్రశ్నలో np విలువలు 2, 4, 8. ఆమోద సంభావ్యతలు సుమారు 0.983, 0.785, 0.191. శాంపిల్ లాట్‌లో 8 శాతమే కాబట్టి ఈ ఉజ్జాయింపు సరిపోతుంది. అసలు విషయం మేనేజర్ మాటలోనే ఉంది, చాలామంది విద్యార్థులు జారేదీ అక్కడే. ఏక్యూఎల్ అనేది వరుసగా వచ్చే లాట్ల సగటు నాణ్యత కనీసం అంత బాగుంటే దాదాపు ఎప్పుడూ ఆమోదిస్తామని చెప్పే సూచిక. ఇక్కడ ఉత్పత్తిదారుని నష్టభయం 1.7 శాతం. కొనుగోలుదారుని రక్షణ దానివల్ల రాదు, ఎందుకంటే నూటికి పది చెడ్డవున్న లాట్ కూడా అయిదింటిలో దాదాపు ఒకసారి దాటిపోతుంది. ఓసీ వక్రరేఖ గీసి ఈ రెండు కొసలనూ చూపిన జవాబు, సూత్రం మాత్రమే రాసినదాని కన్నా మేలైనదిగా భావించాలి.

మూడో ప్రశ్నలో రెండో, అయిదో లాట్లు తిరస్కరణ పొందాయి. అయిదు లేదా అంతకన్నా తక్కువ వరుస లాట్లలో రెండు తిరస్కరణలు వచ్చాయి కాబట్టి ఆరో లాట్ నుంచి కఠిన తనిఖీ. ఆరో లాట్‌లోని 4 సాధారణ తనిఖీలో చెల్లేదే, కఠినంలో చెల్లదు. ఏడు నుంచి పదకొండు వరకు వరుసగా అయిదు ఆమోదం పొందాయి, కాబట్టి పన్నెండో లాట్‌కు సాధారణ తనిఖీ.

నాలుగో ప్రశ్నలో 0.98^5 = 0.904. అంటే c=0 అన్న కఠినమైన షరతు పెట్టినా, అలాంటి లాట్ పదింట తొమ్మిదిసార్లు గడప దాటుతుంది. రెండో భాగంలో 0.98^n ≤ 0.05 నుంచి n=149. శాంపిళ్లన్నీ నెగెటివ్ వచ్చాయి కాబట్టి లాట్‌లో సాల్మొనెల్లా లేదని తేల్చినవారికి ఆ భాగంలో మార్కులు ఇవ్వకండి; 149 శాంపిళ్ల పరీక్ష ఖర్చుకు బదులు పాశ్చరీకరణ, పొడి చేసే ప్రాంతపు పరిశుభ్రతల మీద నియంత్రణ పెట్టాలని రాసినవారికి ఒక మార్కు అదనంగా ఇవ్వవచ్చు, అయితే మొత్తం ఎనిమిదికి మించకూడదు.