నక్షత్రాల దూరం ఎలా కొలుస్తారు: పారలాక్స్ కథ

చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూడండి, తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడండి. వేలు కదలకపోయినా, వెనక గోడ మీది క్యాలెండర్ ముందు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి గెంతినట్టు కనిపిస్తుంది. వేలిని ముక్కుకు దగ్గరగా తెస్తే గెంతు పెరుగుతుంది. ఈ గెంతునే పారలాక్స్ అంటారు. కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు, వేలు 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే గెంతు దాదాపు 6 డిగ్రీలు వస్తుంది. దీన్నే తిరగేస్తే, కళ్ల మధ్య దూరం, గెంతిన కోణం తెలిస్తే చాలు, టేపు పట్టకుండానే వేలి దూరం చెప్పేయొచ్చు.

నక్షత్రాల విషయంలోనూ సూత్రం ఇదే, కాకపోతే ఆ రెండు కళ్లూ చాలా ఎడంగా ఉండాలి. భూమికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి చూసినా మధ్య దూరం 12,700 కిలోమీటర్లే. నక్షత్రాలకి అది ఏ మూలకీ చాలదు. అందుకని భూమి ప్రయాణాన్నే వాడుకుంటారు. సూర్యుడి నుంచి మనం సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నాం. జనవరిలో ఒక ఫొటో తీసి, జులైలో అదే నక్షత్రాన్ని మళ్లీ ఫొటో తీస్తే, రెండు ఫొటోలూ 30 కోట్ల కిలోమీటర్ల ఎడంలో తీసినట్టు. దగ్గరి నక్షత్రం వెనకున్న దూరపు నక్షత్రాల మధ్య కాస్త జరిగి కనిపిస్తుంది. ఆ మొత్తం జరుగుడులో సగాన్ని ఆ నక్షత్రపు పారలాక్స్‌గా లెక్కిస్తారు. సగమే ఎందుకంటే, అప్పుడు లెక్కకు ఆధారంగా భూమి–సూర్యుల మధ్య దూరం ఒక్కటే సరిపోతుంది.

వినడానికి ఇంత సులువుగా ఉన్నా, తలనొప్పంతా ఆ కోణం సైజుతోనే. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఆర్క్ సెకండు. ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పు సుమారు 1800 ఆర్క్ సెకండ్లు. సూర్యుణ్ని వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దాని పారలాక్స్ 0.77 ఆర్క్ సెకండు, అంటే ఒకటి కూడా లేదు! మిగతా నక్షత్రాలన్నిటిదీ అంతకంటే తక్కువే.

అందుకే ఈ గెంతు కోసం శతాబ్దాల పాటు వెతికినా దొరకలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కోపర్నికస్ 1543లో పుస్తకం వేశాక, అదే నిజమైతే నక్షత్రాలు గెంతాలి కదా అన్న ప్రశ్న వచ్చింది. తన కాలంలో అందరికంటే నిక్కచ్చిగా ఆకాశాన్ని కొలిచిన టైకో బ్రాహీకి ఏ గెంతూ కనబడలేదు. భూమి కదలడం లేదనడానికి ఆయనకి అదో బలమైన కారణం. తర్కంలో తప్పు లేదు. నక్షత్రాలు అంత దూరంలో ఉంటాయని ఊహించడమే అప్పట్లో కష్టం.

చివరికి 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ దాన్ని పట్టుకున్నాడు. ఆయన ఎంచుకున్న నక్షత్రం హంస మండలంలోని 61 సిగ్ని. ఇదేమీ బాగా వెలిగే నక్షత్రం కాదు, చీకటి ఆకాశం ఉంటేనే కంటికి ఆనుతుంది. కానీ ఏడాదికి 5 ఆర్క్ సెకండ్లకు పైగా ఒకే దిశలో జరిగిపోతూ ఉంటుంది. అంత జోరుగా కదులుతున్నట్టు కనిపిస్తోందంటే మనకు దగ్గరిదై ఉండాలని బెస్సెల్ లెక్క. ప్రకాశాన్ని కాకుండా కదలికను నమ్ముకోవడంలోనే ఆయన తెలివంతా ఉందని నాకనిపిస్తుంది.

ఆయన వాడిన హీలియోమీటర్ తమాషా పరికరం. టెలిస్కోపు ముందు కటకాన్ని నిలువునా రెండు ముక్కలుగా కోసి, ఒక ముక్క పక్కన ఇంకోటి జరిగేలా స్క్రూ బిగిస్తారు. ఒక ముక్కలో కనిపించే నక్షత్రాన్ని రెండో ముక్కలో కనిపించే పక్క నక్షత్రంతో కలిపేదాకా స్క్రూ తిప్పాలి. ఎంత తిప్పారో చూస్తే ఆ రెండిటి మధ్య కోణం తెలిసిపోతుంది. 61 సిగ్ని నిజానికి జంట నక్షత్రం కాబట్టి, ఆ జంట మధ్య బిందువు నుంచి దగ్గర్లోని మసక నక్షత్రాలకు ఉన్న దూరాన్ని బెస్సెల్ ఏడాదికి పైగా పదే పదే కొలిచాడు. ఆయనకు వచ్చిన పారలాక్స్ 0.314. ఇప్పటి విలువ 0.286.

ఇక లెక్క ఒక్క లైనుది:

d = 1/p

పారలాక్స్ p ఆర్క్ సెకండ్లలో ఉంటే దూరం d పార్సెక్‌లలో వస్తుంది. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. 1ని 0.286తో భాగిస్తే 3.5 పార్సెక్‌లు, అంటే 11.4 కాంతి సంవత్సరాలు. బెస్సెల్ విలువతో చేస్తే 10.4 వస్తుంది. చేత్తో స్క్రూ తిప్పుతూ కొలిచిన రోజుల్లో ఆ తేడా ఏపాటిది! దాదాపు అదే సమయంలో స్ట్రూవే అభిజిత్ నక్షత్రానికీ, హెండర్సన్ ఆల్ఫా సెంటారికీ పారలాక్స్ కొలిచారు.

అసలు పనిలో రెండు ఫొటోలు సరిపోవు. నక్షత్రం తన దారిన తాను జరుగుతూ ఉంటుంది, దాని మీద భూమి తిరగడం వల్ల ఏడాదికోసారి పూర్తయ్యే చిన్న ఊగులాట. రెండూ కలిసి ఆకాశంలో మెలికలు తిరిగిన గీతలా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చాలాసార్లు చూస్తేనే, సాగిపోయే కదలికను పక్కన పెట్టి ఊగులాటను మాత్రం బయటకు తీయగలం.

నేల మీద నుంచి చూస్తే గాలి అడ్డం. గాలి వల్ల నక్షత్రం బొమ్మ ఒక ఆర్క్ సెకండు మేర అలుక్కుపోతుంది, మనం వెతికేదేమో అందులో చిన్న వంతు. అందుకే యూరప్ అంతరిక్ష సంస్థ 1989లో హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపి, లక్షా పద్దెనిమిది వేల నక్షత్రాలను కొలిపించింది. 2013 డిసెంబరులో వెళ్లిన అదే సంస్థ ఉపగ్రహం గయా 2025 జనవరి దాకా పనిచేసింది. 2022లో విడుదలైన దాని జాబితాలో దాదాపు 146 కోట్ల నక్షత్రాలకు పారలాక్స్ ఉంది. మంచి వెలుగున్న నక్షత్రాల విషయంలో దాని పొరపాటు సుమారు 0.00002 ఆర్క్ సెకండు.

ఆ పొరపాటు ఎంత చిన్నదైనా దూరం పెరిగేకొద్దీ కొరుకుతుంది. వెయ్యి పార్సెక్‌ల దూరంలో ఉన్న నక్షత్రానికి అది 2 శాతం, పదివేల పార్సెక్‌ల దగ్గర ఏకంగా 20 శాతం. గయా జాబితా తెరిస్తే కొన్నిటికి పారలాక్స్ మైనస్‌లో కూడా ఉంటుంది. కొత్తవాళ్లు కంగారు పడతారు గానీ, అది నక్షత్రం తప్పు కాదు. గెంతు కంటే కొలతలోని పొరపాటు పెద్దదైతే అలా సున్నాకు కింద పడుతుంది. అలాంటివాటికి 1/p వేయకూడదు.

పారలాక్స్ కొలవడం బాగా దూరంలో ఉన్నవాటికే కష్టమనుకోకండి. మన ఆర్ద్ర నక్షత్రాన్నే చూడండి. ఆకాశంలో ఎర్రగా, ఎవరికైనా కనిపించేంత వెలుగుతో ఉంటుంది. దాని పారలాక్స్ సుమారు 0.006 ఆర్క్ సెకండు అయితే, ఉబ్బిపోయిన దాని బింబం వెడల్పే 0.04కు పైగా ఉంది. ఆ బింబం మీద ప్రకాశం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటూ మారుతుంది, దాంతో కేంద్రం ఎక్కడుందో పట్టుకోవడమే కష్టం. పైగా గయా కెమెరాలకు అది మరీ మిరుమిట్లు. అందుకే ఆర్ద్ర దూరం అడిగితే ఒక పుస్తకంలో 500 కాంతి సంవత్సరాలనీ, ఇంకోదాంట్లో 700 అనీ కనిపిస్తుంది.