అమ్మ పంపిన సాయంత్రం

అమ్మా, నువ్వు పంపిన ఫొటో ఇప్పుడే చూశాను,
కాస్త పక్కకి ఒరిగింది,
గోదారి మొత్తం కొవ్వూరు వైపు జారిపోతోందేమో అన్నట్టుంది,
ఆ మూల ఎర్రగా మసగ్గా ఉన్నది మబ్బు అనుకున్నాను ముందు,
నీ బొటనవేలు.

పొద్దు సరిగ్గా ఆర్చి బ్రిడ్జి రెండు కమానుల మధ్య నిలబడింది,
నీళ్ళ మీద దాని దారి, పసుపు కలిపిన కుంకం రంగులో,
పుష్కర ఘాట్ చివరి మెట్టు దాకా, నీ కాళ్ళ దాకా వచ్చి ఆగింది.

ఇక్కడ హైదరాబాద్‌లో మా ఆఫీసు కిటికీకి ఎదురుగా ఇంకో ఆఫీసు, దాని అద్దాల్లో ఐదు నిమిషాలు ఎరుపు కనిపిస్తుంది, తర్వాత లైట్లు వేసేస్తారు.

1997లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆపేశారు కదా,
అయినా నాన్న ప్రతి సాయంత్రం అటే చూస్తూ కూర్చునేవాడు,
పాత బ్రిడ్జి మీద బండి చప్పుడే వేరు అని,
పల్లీలు ఒలిచి పొట్టు తన జేబులో వేసుకుని
గింజలు మన చేతుల్లో పోసేవాడు.

ఫొటో పెద్దది చేసి చూశాను.
నీ పక్కన మెట్టు మీద పల్లీల పొట్లాలు,
రెండు.

చీకటి పడకముందే ఆటో ఎక్కమ్మా.
రేపు కూడా ఒకటి తియ్యి,
వేలు అడ్డం వచ్చినా పర్లేదు,
రానీ.