అనంతగిరి టీమ్ ఆఫ్‌సైట్, నవంబరు 18, 19: ప్లాన్, ఖర్చులు, మీరు చెప్పాల్సిన వివరాలు

అందరికీ నమస్కారం.

మన క్లెయిమ్స్ టీమ్ ఆఫ్‌సైట్ ఖరారైంది. నవంబరు 18 బుధవారం పొద్దున 8 గంటలకు బేగంపేట ఆఫీసు దగ్గర బయల్దేరి, వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో ఉన్న రిసార్టుకు వెళ్తున్నాం. గురువారం సాయంత్రం ఐదింటికల్లా తిరిగి ఆఫీసు దగ్గర దిగుతాం. రెండు రోజులూ డ్యూటీ కిందే లెక్క, ఎవరి సెలవూ తగ్గదు. ఇదే నోట్ ఇంగ్లీషులో, హిందీలో కూడా విడిగా పంపాను.

మొత్తం 42 మందిమి. పర్మనెంట్ ఉద్యోగులు 36 మంది, కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసే నలుగురు, ప్యాంట్రీ, హౌస్‌కీపింగ్ చూసే ఇద్దరు. రోజూ మన ఫ్లోర్‌లో మనతో పాటు పనిచేసేవాళ్లను వదిలేసి టీమ్ ట్రిప్ అనడం మా ప్లానింగ్ బృందంలో ఎవరికీ నచ్చలేదు. ఈ ఆరుగురికీ ఆ రెండు రోజుల జీతం కోత పడకుండా వాళ్ల ఏజెన్సీతో మాట్లాడి, మెయిల్‌లో రాయించుకున్నాం.

శని, ఆదివారాలు పెట్టకుండా వారం మధ్యలో ఎందుకు పెట్టామని కొందరు అడిగారు. చిన్న పిల్లలున్నవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు ఆదివారం ఖాళీ రోజు కాదు. పైగా ఆఫీసు పని కోసం వెళ్తూ వాళ్ల సొంత రోజులు తీసుకోవడం న్యాయం కాదు. శుక్రవారం పెడితే జుమ్మా నమాజుకు వెళ్లేవాళ్లకు ఇబ్బంది. అందుకే బుధ, గురువారాలు. ఆ రెండు రోజులూ మన క్యూను పుణె టీమ్ చూస్తుంది. జనవరిలో వాళ్లు ఆఫ్‌సైట్‌కు వెళ్లినప్పుడు వాళ్ల క్యూను మనం చూడాలి. దాంతో ఎవరో ఒకరు షిఫ్ట్ కోసం ఇక్కడ ఆగిపోవాల్సిన అవసరం లేదు.

ఇక చోటు సంగతి. ఓటింగ్‌లో అరకుకే ఎక్కువ మంది మొగ్గారు. సొరంగాల్లోంచి వెళ్లే ఆ రైలు ప్రయాణం నాకూ ఇష్టమే. కానీ విశాఖ వరకే రాత్రంతా రైలు, అక్కడి నుంచి మళ్లీ నూటపదికి పైగా కిలోమీటర్లు. రెండు రోజుల్లో ఒకటిన్నర రోజు దారిలోనే గడిచిపోతుంది. బొర్రా గుహలకు వెళ్తే దిగడానికి, ఎక్కడానికి మెట్లే. లక్నవరం కూడా ఆలోచించాం. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చూడాలనుకుంటున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, అది ఆ దారిలోనే కలిసొస్తుంది. కానీ హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది, సరస్సులో దీవుల మీదికి వేలాడే వంతెన మీద నడిచి వెళ్లాలి. అనంతగిరి అయితే 80 కిలోమీటర్ల లోపే. మూసీ నది పుట్టిన కొండలు, చుట్టూ అడవి, నవంబరులో పొద్దున్నే మంచి చలి. దగ్గరగా ఉండటం వల్ల ఇంకో ముఖ్యమైన మేలు కూడా ఉంది, అది కింద చెప్తాను.

మన టీమ్‌లో ఒకరు వీల్‌చైర్ వాడతారు. ఆయన సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ చేసిన ప్రతి రిసార్టువాళ్లూ "మాకు ఏ ఇబ్బందీ ఉండదండీ, మా కుర్రాళ్లు ఎత్తుకుని తీసుకెళ్తారు" అనే అన్నారు. ఆ మాట వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. కానీ స్నానానికి వెళ్లాలన్నా, రాత్రి నీళ్లు తాగడానికి బయటికి రావాలన్నా నలుగురిని పిలవాల్సి వస్తే అది విహారం ఎలా అవుతుంది? అందుకే ఆయనతో కలిసి టేపు పట్టుకుని వెళ్లి చూశాం. వీల్‌చైర్ వెడల్పు 26 అంగుళాలు. మొదట చూపించిన కాటేజీ చాలా అందంగా ఉంది, బాత్‌రూమ్ తలుపు మాత్రం 23 అంగుళాలే. డైనింగ్ హాల్ పక్కనున్న పాత బ్లాకులో తలుపు 30 అంగుళాలు వచ్చింది, లోపల కుర్చీ తిప్పుకోవడానికి చోటుంది, కమోడ్ పక్కన గోడ గట్టిది కాబట్టి పట్టుకునే కడ్డీ బిగించవచ్చు. ఒక్క గుమ్మం మెట్టే అడ్డు, నాలుగు అంగుళాల ఎత్తు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున ర్యాంపు ఉండాలి కాబట్టి నాలుగడుగుల చెక్క ర్యాంపు వికారాబాద్‌లో వడ్రంగికి చెప్పాం. అలాంటివే మీటింగ్ హాల్‌కు ఒకటి, పచ్చిక బయలుకు ఒకటి. ముందు రోజు మాలో ఇద్దరు వెళ్లి మూడూ వేయించి, కుర్చీతో తిరిగి చూసి వస్తారు. ఈ ర్యాంపులు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ పనికొస్తాయి. వాళ్లు అడగరు గానీ మనలో అలాంటివాళ్లు కొందరున్నారు.

డబ్బు లెక్క దాచాల్సింది కాదు కాబట్టి పూర్తిగా ఇస్తున్నాను. కంపెనీ ఇచ్చింది 36 మందికి మనిషికి 8,000 చొప్పున 2,88,000 రూపాయలు. దాన్ని 42 మందికి సరిపెట్టాలి.

గదులు 20, ఒక్కోటి 4,200. రోజుకు 7,500 లోపు గదుల మీద జీఎస్టీ ఇప్పుడు 5 శాతమే కాబట్టి మొత్తం 88,200. టిఫిన్ అందులోనే.
భోజనాలు, స్నాక్స్, టీలు మనిషికి 1,650 చొప్పున, పన్నుతో 72,765.
ఏసీ బస్సు, ఒక ఇన్నోవా, బుధవారం సాయంత్రం వెనక్కి వచ్చేవాళ్లకు ఒక క్యాబ్, డ్రైవర్ల బత్తాతో సహా 56,500.
హాల్, మైకు, ప్రొజెక్టర్ 17,700.
ఆటల సామాను, బహుమతులు 12,000.
ర్యాంపులు, బాత్‌రూమ్ కడ్డీ, ఫస్ట్ ఎయిడ్ 6,500.

అన్నీ కలిపితే 2,53,665. మిగిలే 34,335 అత్యవసరానికి ఉంచుతున్నాం. అది వాడకపోతే కంపెనీకి తిరిగి ఇచ్చేస్తాం. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి కూడా వసూలు చేయం. టీషర్టుకనీ, కేకుకనీ ఎవరూ గ్రూపులో యూపీఐ స్కానర్ పెట్టవద్దు. ఐదు వందలు కొందరికి లెక్కలోకి రాదు, నెలాఖరులో కొందరికి అదే పెద్ద మొత్తం. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవాల్సిన స్థితి ఎవరికీ తేకూడదు.

మందు కంపెనీ ఖర్చులో లేదు, ప్రోగ్రామ్‌లోనూ లేదు. తాగేవాళ్లను తప్పు పట్టడానికి కాదు. ఇది ఆఫీసు పనే. లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగ రీత్యా వెళ్లే చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా పని ప్రదేశమే. మన ఇంటర్నల్ కమిటీ నుంచి ఒక సభ్యురాలు మనతో వస్తున్నారు. ఏ చిన్న ఇబ్బంది ఉన్నా ఆవిడతో నేరుగా మాట్లాడవచ్చు.

రాత్రి బయట ఉండటం ఐదుగురికి కుదరదు. కారణం మేం అడగలేదు, మీరూ అడగకండి. వాళ్ల కోసమే ముఖ్యమైనవన్నీ బుధవారం సాయంత్రం నాలుగు లోపు పెట్టాం. నాలుగున్నరకు క్యాబ్ బయల్దేరుతుంది. దగ్గరగా ఉన్న చోటు చూసుకోవడం వల్లే ఇది వీలైంది. గురువారం వాళ్లు లాగిన్ అవ్వనక్కర్లేదు, మనలాగే డ్యూటీ కింద లెక్క. రాకపోకలన్నీ వీలైనంత వరకు వెలుతురులోనే. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొన్న దారి ఇదే. డ్రైవర్‌ను తొందరపెట్టవద్దని, బస్సులో నిలబడి డాన్సులు వద్దని గట్టిగా అడుగుతున్నాను.

భోజనాల దగ్గర ఈసారి ఎక్కువ శ్రద్ధ పెట్టాం, ఎందుకంటే అది కార్తీక మాసం. మామూలుగా చికెన్ తినేవాళ్లే చాలామంది అప్పుడు ముట్టరు. కాబట్టి శాకాహారమే అసలు భోజనం: జొన్న రొట్టె, గుత్తి వంకాయ, పప్పుచారు, రెండు వేపుళ్లు, పెరుగు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఒక పప్పు, ఒక కూర విడిగా. మాంసాహారం ఇంకో పక్క కౌంటర్లో, గరిటెలు, గిన్నెలు వేరు. హలాల్ చికెనే తెప్పిస్తున్నారు. అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు స్వాములకు వేరే గది, చాపలు, సొంతంగా వండుకోవడానికి స్టవ్, కొత్త గిన్నెలు, తెల్లవారుజామున స్నానానికి నీళ్లు మాట్లాడి ఉంచాం. నమాజుకు హాల్ పక్క గది రెండు రోజులూ మనదే. షుగర్ ఉన్నవాళ్ల కోసం భోజనం ఒంటిగంట దాటదు, అప్పటికి సెషన్ పూర్తి కాకపోయినా ఆపేస్తాం. ఏడు నెలల పాపతో వస్తున్న మన సహోద్యోగికి ఒక గది పూర్తిగా ఇచ్చాం, వాళ్లమ్మగారు కూడా వస్తున్నారు. ఆవిడ భోజనం ఖర్చు అత్యవసరం డబ్బులోంచే.

ప్రోగ్రామ్ తక్కువే పెట్టాం. బుధవారం 11 నుంచి ఒంటిగంట దాకా ఒకే ఒక్క పని సెషన్: ఆసుపత్రి నుంచి క్యాష్‌లెస్ రిక్వెస్ట్ వచ్చాక మన దగ్గర ఎక్కడ ఆగుతోంది? స్లైడ్లు ఉండవు. ఆరుగురేసి ఒక బల్ల దగ్గర కూర్చుని, ఈమధ్య ఆలస్యమైన ఒక నిజమైన ఫైలును, పేషెంట్ పేరు, వివరాలు తీసేసి, మొదటి నుంచి చివరిదాకా చూస్తారు. ప్రతి బల్ల దగ్గర డేటా ఎంట్రీ నుంచి లేదా ఫోన్లు ఎత్తేవాళ్ల నుంచి ఒకరు తప్పకుండా ఉంటారు. ఏ కాగితం ఎందుకు తిరిగొస్తుందో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు రాసి ఇవ్వవచ్చు.

మధ్యాహ్నం ఆటలు. క్యారమ్స్, అష్టాచెమ్మా, పులి-మేక, వామన గుంటలు, పచ్చిక మీద టెన్నిస్ బాల్ క్రికెట్. అంత్యాక్షరి ఏ భాషలోనైనా పాడవచ్చు, తెలుగు రానివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఎవరినీ స్టేజీ మీదికి లాగడం, జంటలుగా ఆడించడం ఉండదు. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం కూడా ప్రోగ్రామ్‌లో భాగమే. గురువారం పొద్దున అడవిలో నడక ఇష్టమున్నవాళ్లకు. అదే సమయానికి రిసార్టు లోపల చదునైన దారిలో పక్షులు చూసే నడక ఒకటి పెట్టాం, అందులో వీల్‌చైర్ సాఫీగా వెళ్తుంది. అనంత పద్మనాభస్వామి గుడికి వెళ్లాలనుకునేవాళ్లకు ఖాళీ సమయం ఇస్తున్నాం, అది ఆఫీసు ప్రోగ్రామ్ కాదు. స్విమ్మింగ్ పూల్ గురువారం 9 నుంచి 10 దాకా ఆడవాళ్లకు మాత్రమే. పూల్ దగ్గర ఫోటోలు వద్దు. మిగతా చోట్ల కూడా అవతలివాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి.

ఇప్పుడు మీ నుంచి కావాల్సినవి. నోట్ కింద ఉన్న ఫారం అక్టోబరు 30 శుక్రవారం సాయంత్రానికి నింపండి: భోజనం, గదిలో ఎవరితో ఉంటే మీకు సౌకర్యం, మందులు, అలర్జీలు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి. ఆరోగ్యం వివరాలు నేనూ, ఫస్ట్ ఎయిడ్ చూసే ఒకరూ తప్ప ఇంకెవరూ చూడరు, ట్రిప్ అయ్యాక తీసేస్తాం. రాయడానికి మొహమాటం అయితే ఏ రోజైనా నాలుగింటికి టీ దగ్గర నాతో చెప్పండి. ఈ ప్లాన్‌లో ఏది మీకు కుదరకపోయినా ఇప్పుడే చెప్తే మార్చగలం. గదులకు అడ్వాన్స్ కట్టేది నవంబరు 2న.

ప్లానింగ్ బృందం తరఫున,
టీమ్ కోఆర్డినేటర్, క్లెయిమ్స్ విభాగం